వేడిగాలికి దారి

మా ఊరి సినిమా హాలు సావుకారు గురించి ఇప్పటికీ మంచే చెప్పుకుంటారు. ఎండాకాలం చలివేంద్రం పెట్టించేవాడంట, పేదోళ్ళ పెళ్ళిళ్ళకు పందిరి గుంజలు ఊరికే ఇచ్చేవాడంట. చెప్పుకోనీ, నాకేం పోయింది? ఆయన ఇంజను గదిలో మా అన్న పనిచేసిన సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. అందుకని నేనే చెబుతున్నాను.

మాది దూదేకులోళ్ళ ఇల్లు. కడపకు పడమరగా, వీధికి పది మగ్గాలుండే ఊరు మాది. పెళ్ళయిన కొత్తల్లోనే నా మొగుడు పోతే, అన్న నన్ను మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ హాలుకు ఆయన ఇంజను డ్రైవరు. సావుకారుతో చెప్పి, ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపే పని నాకిప్పించాడు. ఆడది సినిమా హాలు వాకిట్లో నిలబడడమేమిటని మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. "నేనుండా గదమ్మా గోడకవతల" అన్నాడు అన్న. నిజమే, నా గేటుకూ ఆయన ఇంజనుకూ మధ్య ఒక సందు, ఒక గోడ అంతే.

అంతకు ముందున్న ఇంజను పాతకాలపుది. దాన్ని చల్లబరచడానికి గది బయట ఇనుప తొట్టినిండా నీళ్ళుండాలి. మా ఊళ్ళో మాఘం దాటితే తాగడానికే నీళ్ళకు కొట్టుకుంటారు, ఇంక ఇంజనుకు ఎవరు పోస్తారు? యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మద్రాసులో మిలిటరీవాళ్ళు తమ సామాన్లు వేలం వేస్తుంటే, సావుకారు పోయి కొత్తరకం ఇంజను పాడుకొచ్చాడు. అది పెట్రోలుతో నడుస్తుంది. ఒకే ఇనుప చట్రం మీద వెనక డైనమో, మధ్యన ఇంజను, ముందర రేడియేటరు. ఆ రేడియేటరులో నాలుగు బిందెల నీళ్ళు పోస్తే చాలు, అవే తిరుగుతుంటాయి, వాటిని ఫ్యాను చల్లబరుస్తుంది. నీళ్ళ పీడ వదిలిందని ఊరంతా సంబరపడింది.

దాన్ని బిగించడానికి మద్రాసు నుంచి ఒక ఫిట్టరు వచ్చాడు. ఆయన గదిని చూసి ముందు ఇంజను మాట ఎత్తలేదు, గాలి మాట ఎత్తాడు. నీళ్ళు తాగే ఇంజను ఏ మూల పెట్టినా నడుస్తుంది, ఇది గాలి తాగే ఇంజను అన్నాడు. డైనమో వెనక పడమటి గోడకు ఇనుపకమ్ముల పెద్ద కిటికీ పెట్టించాడు. చల్లగాలి అక్కణ్ణుంచి లోపలికి రావాలి, డైనమోను తాకాలి, ఇంజను మీదుగా పోవాలి, ఫ్యాను దాన్ని రేడియేటరులోంచి తోసి తూర్పుగోడలోంచి బయటికి పంపాలి. తూర్పుగోడకు రేడియేటరు కంటే పెద్ద కంత కొట్టించి, రేడియేటరు అంచు నుంచి కంత అంచు దాకా కేన్వాసు గుడ్డతో గొట్టంలాగా కుట్టించాడు. బయటికి పోయిన వేడిగాలి సందుల్లోంచి మళ్ళీ లోపలికి రాకూడదని. ఇంజను పొగగొట్టానికి వేడికి కాలని రాతినార చుట్టి, దక్షిణపు గోడలోంచి తీసి, కప్పు దాటేదాకా పైకి లేపాడు. పొగ కిటికీ వైపు రాకుండా చూసుకోమని ఒకటికి రెండుసార్లు చెప్పి రైలెక్కాడు.

ఇదంతా సావుకారుకు అర్థం కాలేదనుకునేరు! ఆయన మొద్దు కాదు. హాలు చూడడానికి చుట్టాలొస్తే చేతికర్రతో చూపిస్తూ, గాలి ఎక్కడ లోపలికొస్తుందో ఎక్కడ బయటికి పోతుందో మా అన్న కంటే బాగా చెప్పేవాడు. తెలియక చేసినవాణ్ణి అల్లా క్షమిస్తాడంటారు. ఈయనకు తెలుసు.

తూర్పుగోడ కంత తెరుచుకునేది నా గేటు సందులోకి. మా ఊళ్ళో ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళు సినిమాకు రావాలంటే జట్కా బండి దిగిన కాణ్ణుంచి హాలు గుమ్మం దాకా వీధిలోని మగవాళ్ళ కంటపడకూడదు. దానికోసం సందు పొడుగునా దండెం కట్టి, ముతక గుడ్డ పరదా వేలాడదీసేవాళ్ళం. ఇంజను తిరిగిన మొదటి శుక్రవారమే, మాట్నీకి జనం దిగుతుండగా, కంతలోంచి వేడిగాలి ఒక్క ఊపున వచ్చి పరదాను దండెం మీదికెత్తేసింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. వీధిలో సోడాకొట్టు దగ్గర నిలబడ్డ సోమరిపోతులు ఈలలు వేశారు. నేను పరదా కొస పట్టుకుని వేలాడినా ఆగలేదు, ఆ గాలి అంత బలంగా ఉండేది. మర్నాడు ఆ ఇళ్ళ పెద్దమనుషులు వచ్చి, ఇట్లయితే మా ఆడవాళ్ళు మీ హాలు గడప తొక్కరని సావుకారుతో చెప్పిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు, నేనైనా అదే అనేదాన్ని.

"సామీ, కంతకు బయట ఇటికెలతో గూడు కడదాం. గాలి గూట్లో పడి పైకి తిరుక్కోని కప్పు మీదికి పోతాది. పరదాకు తగల్దు" అన్నాడు అన్న. గూడు కూడా కంత కంటే ఇరుగ్గా ఉండకూడదని కాలితో నేలమీద గీసి చూపించాడు.

"సందులో గూడు కడితే జట్కాలు యాడ తిరుగుతాయిరా? పలకలు కొట్టిచ్చి మూసెయ్. ఆడోళ్ళ ఆట ఉన్నంతసేపే గదా" అన్నాడు సావుకారు.

"మూస్తే గాలి యాడికి పోతాది సామీ?"

"నీ నోట్లోకి పోతాది" అని సావుకారు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. సావుకారు నవ్వితే నవ్వడం వాళ్ళకు అలవాటు.

కంతకు పలకల తలుపు పెట్టారు. గడియ సందువైపు, అంటే బయట. మాట్నీ మొదలయ్యే ముందు గుమాస్తా వచ్చి మూసేవాడు, ఆడవాళ్ళు బండ్లెక్కి పోయాక తీసేవాడు. మాట్నీలో ఆడవాళ్ళే ఎక్కువ, అందులోనూ ఎండ మండే వేళ. మూసిన రోజు అన్న ఇంటికొస్తే చొక్కా పిండితే చెంబెడు చెమట కారేది. రేడియేటరు కుతకుతా ఉడికి మూత సందుల్లోంచి ఆవిరి కొడుతోందని వదినతో చెప్పేవాడు.

ఒకనాడు సావుకారును గదిలోకి పిలిచి చూపించాడు కూడా. పలకలు తెరిచి ఉన్నప్పుడు పడమటి కిటికీ దగ్గర దూదిపింజ వదిలాడు. అది తిన్నగా డైనమో మీదుగా, ఇంజను మీదుగా పోయి రేడియేటరుకు అతుక్కుంది. దాన్ని ఏరేసి, పలకలు మూయించి ఇంకో పింజ వదిలాడు. అది కిటికీ దాటి లోపలికొచ్చి ఇంజను చుట్టూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. బయటికి పోలేని వేడిగాలిని ఫ్యాను మళ్ళీ మళ్ళీ మింగుతోందని, అందుకే చల్లబడడం లేదని అన్న చెప్పాడు. సావుకారు పింజను రెండు వేళ్ళతో పట్టుకుని, "దూదేకులోడివి గదా, యాడికి పోయినా దూది మానవు" అన్నాడు. అంతే, ఎవరి పనికి వాళ్ళు పోయారు.

ఇంత చాలదన్నట్టు పొగ గొడవ ఒకటి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. హాలుకు దక్షిణాన సాలెవాళ్ళ దొడ్డి. గంజి పెట్టిన తెల్ల నూలు పడుగులు అక్కడ చాచి ఆరబెడతారు. గొట్టంలోంచి పడ్డ మసి వాళ్ళ పడుగుల మీద నల్లచుక్కలు చుక్కలుగా కనిపించింది. మసి పడ్డ పడుగు ఎవరు కొంటారు? వాళ్ళు వచ్చి లబోదిబోమన్నారు. గొట్టాన్ని ఇంకో రెండు నిలువులు పైకి లేపితే సరిపోయేది, అన్న అదే చెప్పాడు. సావుకారు వినకుండా గొట్టాన్ని కిందికి దింపించి, గోడవెంబడి వంచి, పడమటి పెరట్లో వదిలించాడు. పెరట్లో ఎవరూ ఉండరు కాబట్టి అడిగేవాడుండడని ఆయన లెక్క. కానీ చల్లగాలి వచ్చే కిటికీ ఉన్నది అక్కడే! గొట్టం మూతి కిటికీకి మూరెడు పక్కన.

"సామీ, అది ఇడిసిన పొగ అదే పీలుస్తాది. దాంతోపాటు నేనూ పీలుస్తా" అన్నాడు అన్న.

"పీల్చు. బీడీ తాగుతావు గదా, దుడ్లు మిగుల్తాయి."

నాలుగు రోజులు అన్న ఆట మధ్యలో హాలు వరండాలోకి ఉన్న తలుపు తీసిపెట్టి ఊపిరి తీసుకున్నాడు. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క తలుపే. అది తీస్తే ఇంజను రొద హాల్లోకి వస్తుంది, పాట వినపడదు. బెంచీ టికెట్టువాళ్ళు గోల చేశారు. ఒకసారి ఊపిరాడక ఇంజను ఆపేస్తే సావుకారు జనం ముందే అన్నను చెంపమీద కొట్టాడు. మా అన్నకు అప్పటికి ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. కొట్టించుకుని మళ్ళీ లోపలికి పోయి హ్యాండిలు తిప్పాడు. ఆ సాయంత్రమే సావుకారు వడ్లవాణ్ణి పిలిపించి ఆ తలుపుకు బయటివైపు గడియ వేయించాడు.

నేనూ వదినా పని మానెయ్యమన్నాం. "మానేసి ఏం చేద్దామమ్మీ? దూది ఏకాలంటే మిల్లుదుప్పట్లు వచ్చినాయి. కర్నూల్లో కరెంటు కంపెనీలో రమ్మన్నారు, ఈ ఆషాఢం పోనీ" అన్నాడు. ఆషాఢం పోనీ! మా ప్రాంతంలో ఆషాఢమంటేనే పడమటిగాలి. ఒకసారి పట్టుకుంటే రాత్రీపగలూ ఆగదు, కళ్ళల్లో దుమ్ము కొడుతుంది.

ఆ శుక్రవారం గాలి అట్లాగే ఉంది. కొత్త టాకీ కావడంతో వేంపల్లె నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు, సందు నిండిపోయింది. గుమాస్తా పలకలు మూసి పోయాడు. నా పరదా నిటారుగా, ఒక్క మడత కదలకుండా వేలాడుతోంది. ఆడవాళ్ళంతా లోపలికి పోయాక నేను గుమ్మంలో నిలబడి తెర చూస్తున్నాను. చూస్తుండగానే తెరమీది వెలుగు పచ్చబడింది. హీరోయిను ముఖం పసుపు పూసుకున్నట్టయింది, పాట సాగదీసినట్టు వినపడింది. ఇంజను కుంటుతోందని నాకు అర్థమైంది.

ఆ వేడికి, ఆ పొగకు ఇంజనుకే ఊపిరాడలేదు. పలకలు మూసినా అది మండడానికి గాలి కావాలి, ఆ గాలి కిటికీలోంచే రావాలి. పడమటిగాలి గొట్టం మూతి దగ్గరి పొగను తెచ్చి తిన్నగా కిటికీలో పోస్తోంది. మంచిగాలి తగ్గేకొద్దీ పెట్రోలు సగం సగం కాలి ఇంకా విషమైన పొగ వస్తుందంట. అందులోని అసలు విషానికి వాసన ఉండదు, దగ్గు రాదు. ముందు తలనొప్పి, తర్వాత కాళ్ళు పడిపోతాయి. కళ్ళు తెరుచుకునే ఉంటాయి, తలుపు కనపడుతూనే ఉంటుంది, లేవలేడు. ఇదంతా నాకు తర్వాత ఆసుపత్రిలో చెప్పారు.

నేను వరండాలోకి పరుగెత్తాను. తలుపు ముందర సావుకారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల్నుంచి ఇనుముతో తలుపు మీద కొట్టిన చప్పుడు, టంగుమని ఒకటి, కాసేపటికి మెల్లగా ఇంకొకటి.

"సామీ, తలుపు తియ్. మా అన్న కొడ్తాండాడు."

"తెలుసులేమ్మే. వానికి అలవాటే. ఈ పాట అయిపోనీ."

"పాట కాదు సామీ, మనిషి!"

"లోపల నాలుగు వందల మంది కూచోనుండారు. నీ గేటు కాడికి పో."

నేను గడియ మీద చెయ్యి వేస్తే ఆయన చేతికర్ర నా మణికట్టు మీద పడింది. గట్టిగా కూడా కాదు, మేకను అదిలించినట్టు. లోపల చప్పుడు ఆగిపోయింది. చప్పుడు ఆగాక ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "చూసినావా, ఊరకుండాడు" అన్నాడు. ఓరి నీ జిమ్మడ! నేనాయన చెయ్యి కొరికాను. నెత్తురొచ్చేదాకా కొరికాను. ఆయన అరిచి కర్ర వదిలేశాడు, నేను గడియ లాగాను.

తలుపు తియ్యగానే కొలిమి నోరు తెరిచినట్టు వేడి కొట్టింది. అన్న గుమ్మంలోనే, బోర్లా, చేతిలో పానాతో పడున్నాడు. ఇంకో చెయ్యి అంతకుముందే ఇంజనుకు తగిలి కమిలిపోయింది, అది తెలిసే స్థితిలో లేడు. చంకల కింద చేతులేసి లాగాను. అదే క్షణంలో రేడియేటరు మూత ఎగిరి ఉడుకునీళ్ళు చిమ్మాయి, ఇంజను తుపాకీలాగా ఒక్క చప్పుడు చేసి నిలిచిపోయింది. హాల్లో చీకటైంది. నాలుగు వందల మంది ఈలలు వేసి బెంచీలు బాదారు.

వరండాలో పడుకోబెట్టి విసిరితే మెల్లగా ఊపిరి అందుకున్నాడు. ముఖం ఎర్రగా ఉందని, నెత్తురు బాగుంది, ఏం కాలేదని చుట్టూ మూగినోళ్ళు అన్నారు. ఆసుపత్రి డాక్టరు మాత్రం ఆ ఎరుపు పొగ విషానిదని పెదవి విరిచి, మంచిగాలికి బయట చెట్టుకింద పడుకోబెట్టమన్నాడు. మూడోనాటికి అన్న లేచి కూర్చుని జొన్నసంగటి అడిగాడు. మా అమ్మ దర్గాకు పోయి చక్కెర పంచింది. సావుకారు టెంకాయ నీళ్ళు పంపించాడు. "కొరికిన ముండ ఎట్లుండాది?" అని నన్ను కూడా అడిగి రమ్మన్నాడంట, నవ్వులాటకు.

ఇంజను హెడ్డు, అంటే సిలిండర్ల మీది ఇనుప మూత, పగిలింది. మద్రాసు నుంచి మళ్ళీ ఆ ఫిట్టరే వచ్చాడు. పలకలూ పొగగొట్టమూ చూసి తలపట్టుకున్నాడు. ఇంకోసారి ఇట్లా నడిపితే పాత ఇనుము కింద అమ్ముకోవలసిందే అన్నాడు. అంతే! మర్నాడే బేల్దార్లు దిగారు. కంతకు బయట వెడల్పాటి గూడు లేచింది, గాలి పైకి తిరిగి కప్పు మీద పడేట్టు. జట్కాలకు అడ్డమైతే ఆయన సందువైపు తన గోడే వెనక్కి జరిపించాడు. పలకలు పీకించాడు. పొగగొట్టం పెరట్లోంచి లేచి, కప్పును దాటి, సాలెవాళ్ళ దొడ్డిలో మసి పడనంత ఎత్తుకు పోయింది. కిటికీ ఇంకా పెద్దదైంది. హాలుకూ గదికీ మధ్య రెండో గోడ, రొద రాకుండా. ఏది ఎక్కడ కావాలని మా అన్న మొత్తుకున్నాడో అదంతా అక్కడే, చెప్పింది చెప్పినట్టు లేచింది.

"ఇదేదో ముందే కట్టిచ్చుంటే సామీ" అన్నాడు బేల్దారు మేస్త్రి, నా ముందరే.

"డ్రైవర్లు దొరుకుతారప్పా. హెడ్డు దొరకదు ఈ రోజుల్లో" అన్నాడు సావుకారు. నేనున్నానని తెలిసే అన్నాడు.

అన్న అప్పటికి ఇంట్లో నడుస్తున్నాడు, కొత్త ఇంజను గది తయారైతే పోతానంటున్నాడు. ఒకనాడు వదిన సంగటి పెడితే ముద్దను చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియనట్టు చూస్తూ కూర్చున్నాడు. మరునాడు చిన్న కూతుర్ని ఎవరి బిడ్డ అని అడిగాడు. తర్వాత నడక బిగుసుకుపోయింది, పంచెలోనే పోసుకున్నాడు, ఊరికే నవ్వాడు. ఆసుపత్రికి తీసుకుపోతే, ఆ పొగ తగిలినవాళ్ళు కొందరు బాగైనట్టే అయి కొన్నాళ్ళకు ఇట్లా అవుతారని, మందు లేదని డాక్టరు చెప్పాడు. వదిన చెట్టుకింద కూలబడి, ఆ రోజే పోయినా బాగుండేదని ఏడ్చింది. ఆమెను తిట్టలేకపోయాను, నాకూ అదే అనిపించింది.

ఇంట్లో తినడానికి నా గేటు పని ఒక్కటే. నేను కొరికిన చేత్తో నాకు పని ఇయ్యనన్నాడు సావుకారు. అతని కాళ్ళు పట్టుకున్నాను. అవును, పట్టుకున్నాను, అన్న పిల్లలు తినాలి కదా. జనం చూస్తుండగా పట్టుకోమన్నాడు, అట్లాగే పట్టుకున్నాను. వదిన కూలికి పోతే అన్నను చూసేవాళ్ళు లేరు, అమ్మకు చూపు ఆనదు, అన్నను గేటు దగ్గర కూర్చోబెట్టుకోనిమ్మని అడిగాను. సావుకారు ధర్మాత్ముడు కదా, వెంటనే ఒప్పుకున్నాడు.

"గేటు కాడెందుకు, ఆడోళ్ళు జడుచుకుంటారు. ఇంజను గదిలో కూచోబెట్టు. ఇప్పుడాడ గాలి శానా బాగుండాది."

ఆయన ముఖం మీద ఉమ్మెయ్యాలనిపించింది. సరే సామీ అన్నాను.

శుక్రవారం మాట్నీకి ముందు అన్నను చెయ్యిపట్టి తీసుకుపోయి, పడమటి కిటికీ కింద పీట మీద కూర్చోబెట్టాను. కొత్త డ్రైవరు ఆదోని మనిషి, మంచివాడే, హ్యాండిలు తిప్పాడు. ఇంజను అందుకుంది. కిటికీలోంచి చల్లగాలి వచ్చి అన్న జుట్టును ముందుకు ఎగరేసింది. అన్న తల తిప్పి కిటికీ చూశాడు, డైనమో చూశాడు, రేడియేటరు దాకా మెల్లగా చూసుకుంటూ పోయాడు. కేన్వాసు గొట్టం దగ్గర ఆగాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన కళ్ళల్లో తెలివి కనిపించింది.

"ఎవరప్పా ఈ గది కట్టిచ్చింది?" అని ఆ డ్రైవరును అడిగాడు.

"ఈడి సావుకారే అన్నా."

మా అన్న తల ఊపాడు. "మారాజు! ఇంజను కాడ ఉండే మనిషి పానం తెలిసినోడు. నువ్వు అదృష్టవంతునివప్పా, ఇట్లాంటోని కింద పనిచేస్తాండావు" అన్నాడు.

బయట జట్కాలు దిగుతున్నాయి. నేను పోయి పరదా సరిచేసి టికెట్లు చింపడం మొదలుపెట్టాను.